డబ్బా మారింది, మాస్టర్ మారలేదు: ఒక బందరు మిఠాయి కొట్టు రీబ్రాండింగ్ ప్రకటన

మచిలీపట్నంలో మూడు తరాలుగా నడుస్తున్న ఒక మిఠాయి కొట్టు బోర్డు, డబ్బా, లోగో మూడూ ఒకేసారి మార్చుకుంది. తొక్కుడు లడ్డు వాళ్ల ముఖ్యమైన సరుకు. బయటి ఊళ్లవాళ్లు దాన్నే బందరు లడ్డు అంటారు. డిజైన్ పని విజయవాడలో ఇంకొకరు చేశారు. ఈ మార్పును కస్టమర్లకు ఎప్పుడు, ఎవరి చేత, ఏ మాటల్లో చెప్పించాలన్నది నాకు అప్పగించిన పని. కొట్టు పేరు బయటపెట్టొద్దని వాళ్లు కోరారు, అందుకే రాయడం లేదు.

మారాలని ఎందుకు అనుకున్నారంటే, పైకి చెప్పిన కారణం పార్సెళ్లు. హైదరాబాద్, బెంగళూరు వెళ్లే కొరియర్లు పెరిగాయి. పాత డబ్బా పల్చటి అట్ట. దారిలో మూలలు నలిగి, నెయ్యి మరకలతో చేరేది. చెప్పని కారణం, మనవడు చదువు పూర్తిచేసుకొని వచ్చి గల్లా దగ్గర కూర్చోవడం. పాత కొట్లు కొత్త వేషం కట్టే చోట నేను చూసినంతలో ఈ రెండో కారణమే ముందుంటుంది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ప్రకటన రాసేవాళ్లకి ఈ సంగతి తెలిసి ఉండాలి, ఎందుకంటే మనవడు మార్పు కనిపించాలనుకుంటాడు, తాతగారు మార్పు కనిపించకూడదనుకుంటారు.

మొదటి చిత్తు

మనవడు రాసుకొచ్చిన ప్రకటన ఇది: "తరతరాల సంప్రదాయానికి ఆధునిక హంగులు! అదే మమకారం, అదే రుచి, సరికొత్త రూపంలో మీ ముందుకు! మీ ఆదరాభిమానాలే మా బలం."

తాతగారు కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు చదివి, "ఇందులో లడ్డు ఎక్కడుందిరా?" అన్నారు. ఆయన నవ్వులాటకి అన్నా, అసలు లోపం అదే. ఆ మూడు వాక్యాలు చీరల షాపుకి సరిపోతాయి, చిట్ ఫండ్ కంపెనీకీ సరిపోతాయి. ఎక్కడ పెట్టినా సరిపోయే మాటని ఎవరూ నమ్మరు, అబద్ధమనీ అనుకోరు. చదివి పక్కన పడేస్తారు, అంతే.

పాత మిఠాయి కొట్టు బోర్డు మారితే ఊళ్లో పుట్టే అనుమానాలు మూడు. కొట్టు ఎవరికైనా అమ్మేశారా? మాస్టర్ మారాడా? నెయ్యి మార్చారా? వీటిని ఎవరూ కౌంటర్ దగ్గర నిలబడి అడగరు. పక్కింట్లో అడుగుతారు, పెళ్లిలో అడుగుతారు. సమాధానం దొరక్కపోతే "ఇప్పుడు ముందులా లేదటండీ" అనే మాట దానంతట అదే తయారవుతుంది. ఆ మాట పుట్టాక దాన్ని ఏ ప్రకటనా ఆపలేదు. కాబట్టి ముందుగానే, ఎవరూ అడక్కముందే, ఆ మూడింటికీ జవాబు చెప్పాలి. కొత్త లోగో చూపించడం ఆ తర్వాతి సంగతి.

లోపలి సరుకు మారకపోయినా పైరూపు మారితే ఏమవుతుందో చెప్పడానికి మా వృత్తిలో తరచూ వాడే ఉదాహరణ ట్రాపికానాది. 2009 జనవరిలో అమెరికాలో ఆ కంపెనీ తన నారింజ జ్యూస్ డబ్బా మీద నుంచి, నారింజపండులో స్ట్రా గుచ్చిన బొమ్మను తీసేసింది. లోపల జ్యూస్ అదే. అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయాయి, రెండు నెలలు తిరక్కుండానే పాత డబ్బాకు వెనక్కి వెళ్లింది. ఇది మనవడికి చెప్పాను. కానీ మిఠాయి కొట్టుకి ఇది పూర్తిగా వర్తించదు. సూపర్ మార్కెట్ అరలో డబ్బా కనిపించకపోతే పక్క డబ్బా తీసుకుంటారు. ఇక్కడ కొట్టు ఎక్కడుందో అందరికీ తెలుసు. ఇక్కడ పోయేది గుర్తు కాదు, నమ్మకం.

"ఏమీ మారలేదమ్మా"

ప్రకటన రాయడానికి ముందు నేను అడిగేది ఒకటే: నిజంగా ఏది మారలేదు? తాతగారి జవాబు వెంటనే వచ్చింది. "ఏమీ మారలేదమ్మా. మా నాన్న చేసినట్టే చేస్తున్నాం."

"సరే బాబాయ్ గారూ, ఒకసారి వంటశాలలో కూర్చుంటాను" అన్నాను.

తొక్కుడు లడ్డు తయారీ కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రకటనలో ప్రతి మాటా దాని మీదే నిలబడాలి. శనగపిండిని ముద్దగా కలిపి, గొట్టంతో కారప్పూసలా నేతిలో వత్తుతారు. కరకరలాడేలా వేగాక తీసి దంచి పొడి చేస్తారు. ఆ పొడిని జల్లించి బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్లీ రోట్లో దంచుతారు. ఈ రెండో దంపుడులోనే పిండీ పాకమూ ఒకటై, నోట్లో వేసుకోగానే కరిగే మెత్తదనం వస్తుంది. తొక్కుడు అన్న పేరు దీనివల్లే. చివర యాలకుల పొడి వేసి ఉండలు కడతారు. మామూలు బూందీ లడ్డుకీ దీనికీ ఉన్న తేడా అంతా ఆ దంపుడులోనూ, పంచదార బదులు బెల్లంలోనూ ఉంది.

వంటశాలలో మాస్టర్‌తో మాట్లాడితే బయటపడిన సంగతులు ఇవి. కట్టెల పొయ్యి పోయి చాలా ఏళ్లయింది, గ్యాస్ వచ్చింది. మొదటి దంపుడు ఇప్పుడు మర చేస్తోంది. రెండోది మాత్రం రోలూ రోకలితోనే, ఇద్దరు మనుషులు చేస్తున్నారు. మరలో వేస్తే పిండి వేడెక్కి నెయ్యి విడిపోతుందని మాస్టర్ మాట. శనగపప్పు కొని దగ్గర్లోని పిండిమరలో ఆడించుకుంటారు. బెల్లం అనకాపల్లిది. నెయ్యి ఇచ్చే వ్యాపారి పని మానేస్తే ఈ మధ్యే ఇంకొకరి దగ్గర తీసుకుంటున్నారు. కాజాలూ, కారాలూ నేతివి కావు, నూనెవి.

కాగితం మీద మూడు వరసలు గీశాను: ఇప్పటికీ మారనివి, ఎప్పుడో మారిపోయినవి, ఇప్పుడు మారుతున్నవి. మొదటి వరస తాతగారు అనుకున్నదానికన్నా చిన్నది. ఆయన కాసేపు మాట్లాడలేదు. అబద్ధమాడాలని ఆయనకి లేదు. మార్పు ఒక్కొక్కటీ ఒక్కో ఏడు వచ్చింది కాబట్టి, ఏదీ మార్పులా అనిపించలేదంతే.

ఈ కాగితం వల్ల చిత్తులోని సగం మాటలు ఎగిరిపోయాయి. "అదే నెయ్యి" అనలేం, వ్యాపారి మారాడు. "లడ్డులో నెయ్యి తప్ప వేరే నూనె కలపం" అనగలం. "పూర్తిగా చేత్తో దంచినది" అనలేం. "రెండోసారి దంచేది రోట్లోనే" అనగలం. "స్వచ్ఛమైన నేతి మిఠాయిలు" అని కొట్టు మొత్తానికి కలిపి రాయలేం. లడ్డుకి మాత్రం రాయగలం. కొత్త డబ్బా మీద కూడా ఇదే లెక్క పాటించమన్నాను, ఎందుకంటే లేబుల్ మీద తప్పుదోవ పట్టించే మాట రాస్తే ఆహార భద్రత చట్టం కింద జరిమానా పడొచ్చు. పోస్టర్‌లో ఒకటి, డబ్బా మీద ఇంకొకటి ఉంటే ముందు పట్టుకునేది అధికారి కాదు, పోటీ కొట్టువాడు.

ఎప్పటి నుంచి?

బోర్డు మీద "స్థాపితం" అని ఒక సంవత్సరం వేయాలని మనవడి కోరిక. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో ఏడు చెప్పారు. తాతగారి లెక్క స్వాతంత్య్రానికి ముందుది, ఆయన తమ్ముడి లెక్క ఆ తర్వాతది. పాత లైసెన్సులు, కరెంటు బిల్లులు, అద్దె కాగితాలు వెతికారు. దొరికిన అన్నిటికన్నా పాత కాగితం ఇద్దరి లెక్కకన్నా చాలా తర్వాతిది. ఇలాంటప్పుడు నా సలహా ఎప్పుడూ ఒకటే: సంవత్సరం వదిలేసి తరాలు రాయండి. "మూడు తరాలుగా" అన్న మాటని ఊరే సాక్ష్యం చెబుతుంది. సంవత్సరం వేస్తే దాన్ని కాగితంతో నిలబెట్టుకోవాలి, అదీ పోటీ కొట్టు కూడా ఇంకో పాత సంవత్సరం వేసుకునే ఊళ్లో.

బందరు లడ్డుకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ముద్ర డబ్బా మీద వేద్దామని కూడా మాట వచ్చింది. బందరులో చేస్తున్నంత మాత్రాన ఆ ముద్ర వేసుకునే హక్కు రాదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం, తయారీదారు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేయించుకోవాలి. వీళ్లు ఇంకా చేయించుకోలేదు. అందుకే దరఖాస్తు పెట్టించి, ముద్ర కోసం డబ్బా మూతమీద ఒక చోటు ఖాళీగా ఉంచమని డిజైనర్‌కి చెప్పాం.

అక్షరం

డిజైన్ నా పని కాదన్నాను కదా, అయినా ఒక్క చోట కలగజేసుకున్నాను. కొత్త లోగో సన్నటి గుండ్రటి ఫాంట్‌లో చక్కగా ఉంది. తాతగారు రంగుల గురించి ఏమీ అనలేదు, "అక్షరం మనది కాదమ్మా" అన్నారు. పాత బోర్డు ఒక పెయింటర్ చేత్తో రాసినది. తలకట్టులు కాస్త ఎక్కువగా లేచి, వత్తులు లావుగా ఉండేవి. ఊళ్లోవాళ్ల కంటికి అలవాటైంది ఆ రాత. డిజైనర్ పాత బోర్డు ఫోటో మీద ట్రేసింగ్ చేసి, అక్షరాల ఒంపులు అలాగే ఉంచి అంచులు సరిచేశాడు. పాత ఎరుపు ఉంచాడు, పసుపు తగ్గించాడు.

ఇక్కడ తెలుగుకే ఉండే ఒక ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు పేరుకి పట్టే ఎత్తులో తెలుగు పేరు పట్టదు, కింద వత్తులకీ పైన గుడులకీ చోటు కావాలి. డబ్బా పక్కవైపు పట్టీ మీద మొదటి ప్రూఫ్‌లో వత్తు సగం మడతలోకి పోయింది. మెరుపు రేకు అచ్చులో చిన్న అక్షరాల కన్నాలు పూడుకుపోయాయి. అందుకే మెరుపు అచ్చు మూతమీది పెద్ద పేరుకే ఉంచి, పక్కలకు మామూలు సిరా వాడారు. ప్రూఫ్‌ని కంప్యూటర్‌లో కాకుండా, మడిచిన డబ్బా మీద చూసి ఒప్పుకోవాలి.

చివరికి నిలిచిన ప్రకటన

పొడవాటి పాత పేరుని తగ్గించి, జనం పిలిచే పేరునే బోర్డుకెక్కించారు. ప్రకటన ఇలా తేలింది:

"మన కొట్టు బోర్డు, డబ్బా మారుతున్నాయి. కొట్టు ఎవరికీ అమ్మలేదు, మూడు తరాలుగా నడుపుతున్న మా కుటుంబమే నడుపుతోంది. లడ్డు చేసే మాస్టర్ మారలేదు. పిండి వేయించేదీ, కలిపేదీ నెయ్యితోనే. బెల్లం అనకాపల్లిదే. రెండోసారి దంచేది ఇప్పటికీ రోట్లోనే.

పాత డబ్బా పార్సెల్‌లో నలుగుతోందని మీలో చాలామంది చెప్పారు, అందుకని గట్టి డబ్బా చేయించాం. పొడవు పేరు తీసేసి మీరు పిలిచే పేరే బోర్డు మీద రాయించాం. ధర మారలేదు.

పాత డబ్బాలు అయిపోయేదాకా రెండు రకాలూ కనిపిస్తాయి. లోపల సరుకు ఒకటే. రుచిలో తేడా అనిపిస్తే డబ్బాతో సహా తీసుకురండి."

దీని మీద పెద్ద వాదనే జరిగింది. "కొట్టు అమ్మలేదు" అన్న మాట తాతగారికి నచ్చలేదు. అడగని ప్రశ్నకి జవాబిచ్చినట్టుంటుందని, లేని అనుమానం మనమే పుట్టించినట్టవుతుందని ఆయన వాదన. కొన్ని ఊళ్లలో ఆ వాదన సరైనదే. ఇక్కడ మాత్రం మనవడు గల్లా దగ్గర కనిపించడం మొదలైనప్పటి నుంచీ ఆ అనుమానం మొదలైందని పక్కనున్న పూలకొట్టావిడ చెప్పాక ఆయన ఒప్పుకున్నారు. చివరి వాక్యం మీద మనవడికి టెన్షన్. "రేపు అందరూ వెనక్కి తెస్తే?" అన్నాడు. తేరు. కానీ అలా రాసి ఉండడం వల్ల, తేడా అనిపించినవాళ్లు ఊరంతా చెప్పకుండా ముందు కొట్టుకి వస్తారు. ఆ వాక్యం ఎందుకు పనికొచ్చిందో ఇంకాస్త కింద చెబుతాను.

సంప్రదాయం అన్న మాట ప్రకటనలో ఎక్కడా లేదు. రోలు ఉంది, బెల్లం ఉంది, మాస్టర్ ఉన్నాడు. అవి ఉన్నాక ఆ మాటతో పని లేదు.

ఆషాఢం పేచీ

వ్యాపారం లెక్కన చూస్తే ఇలాంటి మార్పుకి ఆషాఢమే సరైన నెల. పెళ్లిళ్లు ఉండవు, ఆర్డర్లు తక్కువ, తప్పు జరిగితే సరిదిద్దుకునే తీరిక ఉంటుంది. సంక్రాంతికీ దీపావళికీ ముందు డబ్బా మార్చడమంటే ఏ కొత్త తప్పునీ గమనించే తీరిక లేకుండా చేసుకోవడం. కానీ ఆషాఢంలో కొత్త బోర్డు కట్టడానికి తాతగారు ససేమిరా అన్నారు. శూన్యమాసంలో శుభకార్యమా అన్నారు.

పేచీ తేలిన తీరు పనికి ఇంకా మంచిదైంది. ఆషాఢంలో కొత్త డబ్బాలు చప్పుడు లేకుండా కొద్దికొద్దిగా వాడకంలోకి వచ్చాయి. కొరియర్ పార్సెళ్లకి ముందు, కౌంటర్‌కి తర్వాత. బోర్డు, ప్రకటన శ్రావణం మొదటి శుక్రవారానికి పెట్టుకున్నాం. అంటే ఊరంతటికీ చెప్పేలోపు డబ్బాని నిజంగా వాడి చూసే వ్యవధి దొరికింది.

చెప్పే వరస కూడా ముందే రాసుకున్నాం. మొదట వంటశాలలోవాళ్లకీ కౌంటర్‌వాళ్లకీ, అదీ తాతగారి నోటితో. యజమాని మారుతున్నాడేమో, ఉద్యోగం ఉంటుందో పోతుందో అన్న భయం వాళ్లకే ముందు వస్తుంది, ఆ భయమే బయటికి పుకారుగా పాకుతుంది. తర్వాత చుట్టుపక్కల కొట్లవాళ్లకి, ఎందుకంటే దారి అడిగేవాళ్లకి చెప్పేది వాళ్లే. ఆపైన కేటరర్లకీ, పెళ్లి ఆర్డర్లు తెచ్చేవాళ్లకీ ఫోన్. అమెరికా, హైదరాబాద్‌లలో ఉండి ప్రతి ఏటా తెప్పించుకునేవాళ్లకి వాట్సాప్. ఆటో మైకు, పేపర్లో పెట్టే కరపత్రం అన్నిటికన్నా చివర.

వాట్సాప్‌కి మనవడు బొమ్మల కార్డు చేశాడు. ఫోన్‌లో చదవలేనంత చిన్న అక్షరాలు. దాని బదులు తాతగారి గొంతుతో ఒక నిమిషంలోపు వాయిస్ మెసేజ్ పెట్టించాం. ఆయన ప్రకటన చదవలేదు, తన మాటల్లో చెప్పారు. మధ్యలో రోకలి చప్పుడు వినబడుతోంది. తీసేద్దామా అని మనవడు అడిగితే వద్దన్నాను. దూరంగా ఉన్నవాళ్ల నుంచి ఎక్కువ జవాబులు వచ్చింది దానికే, అవీ ఎక్కువగా పెద్దాయన ఆరోగ్యం గురించి.

కౌంటర్‌వాళ్లకి ఒకే వాక్యం నేర్పాం: "డబ్బా మారిందండీ, మాస్టర్ ఆయనే." మిగతాది అడిగితేనే చెప్పమన్నాం.

పేరు తగ్గితే వచ్చే కాగితాలు

ఈ భాగం విసుగ్గా ఉంటుంది, కానీ ప్రకటన బయటికి వెళ్లాక దెబ్బ తగిలేది ఇక్కడే. బోర్డు మీద చిన్న పేరు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే బ్యాంకు ఖాతాలోని పాత పొడవు పేరు. అమ్మేశారేమోనని అనుమానం ఉన్నవాడికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఖాతా పేరు వెంటనే మారదు కాబట్టి, కోడ్ కింద "స్కాన్ చేస్తే మా పాత పూర్తి పేరు కనిపిస్తుంది" అని ఒక వరస అంటించాం. జీఎస్టీలో వ్యాపార పేరు మారితే 15 రోజుల్లోపు సవరణ దరఖాస్తు పెట్టాలి. ఆహార లైసెన్సులో కూడా పేరు మార్పించాలి. డబ్బా మీద తయారీదారు పేరు లైసెన్సులో ఉన్నట్టే ఉండాలి కాబట్టి, మూతమీద చిన్న పేరు వేసి, అడుగున చిన్న అక్షరాల్లో పూర్తి పేరు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉంచారు.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తు మిఠాయిలు వచ్చే 30వ తరగతిలో పెట్టారు. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయల ఫీజు. దరఖాస్తు పెట్టగానే వృత్తంలో ఉండే రిజిస్టర్డ్ గుర్తు వేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. నమోదు పూర్తి కాకుండా వేస్తే నేరం. అధికారుల పరిశీలన దాటి ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వచ్చాక కూడా ఇతరులు అభ్యంతరం చెప్పడానికి నాలుగు నెలల గడువుంటుంది. కాబట్టి మొదటి అచ్చు డబ్బాల మీద ఆ గుర్తు లేదు.

"తేడాగా ఉందండీ"

ఆషాఢం చివరి వారంలో, ప్రకటన ఇంకా బయటికి రాకముందే, కౌంటర్‌లో ఒక మాట మొదలైంది. లడ్డు "జిగురుగా ఉంది, ముందులా లేదు" అని. డబ్బా మారితే నాలుక కూడా మారిందనుకుంటుంది, ఇది మాకు తెలిసిన విషయమే. మనవడు కూడా "అంతా మనసులోదే" అనేశాడు. అలా తోసేయకుండా ముందు తేల్చుకోవాలి.

తేల్చుకోవడం కష్టం కాదు. ఒకే పళ్లెంలోని లడ్లు కొన్ని పాత డబ్బాలో, కొన్ని కొత్త డబ్బాలో పెట్టి ఒక పూట ఉంచారు. తర్వాత రెండింటినీ బయటికి తీసి, ఏది ఏ డబ్బాదో చెప్పకుండా మాస్టర్‌కీ ఇద్దరు పాత కస్టమర్లకీ ఇచ్చారు. ముగ్గురూ కొత్త డబ్బాలోవి పట్టేశారు. అంటే మనసులోది కాదు. ఫిర్యాదు చేసినవాళ్లని ఎప్పుడు కొన్నారని అడిగితే, అందరూ పొద్దున్నే కొన్నవాళ్లు. పొద్దుటి సరుకు తెల్లవారుజామున ఉండలు కట్టి, ఆ గోరువెచ్చని మీదే డబ్బాల్లోకి వెళ్తోంది.

కారణం డబ్బా లోపలి పూత. పాత అట్ట మీద ఏ పూతా లేదు, అది నెయ్యినీ పీల్చేది, ఆవిరినీ పీల్చేది. కొత్తదానికి మరక పడకూడదని లోపలివైపు ప్లాస్టిక్ పొర వేశారు, మూత కూడా బిగుతు. గోరువెచ్చటి లడ్డు ఆవిరి బయటికి పోక మూత లోపల చెమ్మగా పేరుకుంటుంది. బెల్లానికి చెమ్మ లాక్కునే గుణం ఎక్కువ, పైగా సముద్రం పక్క ఊరు. లడ్డు పైపొర జిగురెక్కింది. ఏ పాత కొట్టైనా గట్టి డబ్బాకి మారేటప్పుడు ఇది చూసుకోవాలి. డబ్బా మూత తెరిచి లోపలివైపు వేలు రాస్తే చాలు, చెమ్మ ఉంటే తెలిసిపోతుంది.

రెండు పనులు చేశారు. ఉండలు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలని నియమం పెట్టారు, దానికోసం వంటశాలలో ఇంకో బల్ల వేశారు. రెండో విడత డబ్బాలకి లోపలి పొర తీయించి, జిడ్డు దిగని కాగితం పరిచారు. మొదటి విడతలో మిగిలిన డబ్బాలని పొడి మిఠాయిలకి వాడేశారు. ఆషాఢంలో చప్పుడు లేకుండా మొదలుపెట్టబట్టి ఇదంతా కొద్దిమందితో తేలిపోయింది. ఆ కొద్దిమందికీ తాతగారు స్వయంగా ఫోన్ చేసి, డబ్బా వల్ల అలా అయిందని చెప్పి, కొత్త లడ్లు పంపించారు. దీని తర్వాతే "డబ్బాతో సహా తీసుకురండి" అన్న వాక్యానికి మనవడు అడ్డు చెప్పడం మానేశాడు. డబ్బా చూస్తేనే ఏ విడతదో, ఎప్పుడు కట్టిందో తెలుస్తుంది.

తూకం, ధర

శ్రావణ శుక్రవారం బోర్డు కట్టాక వచ్చిన మాటల్లో మూడు అనుమానాలూ దాదాపు లేవు. కొత్తగా ఒకటి వచ్చింది, దాన్ని మేమెవరమూ ఊహించలేదు. కొత్త డబ్బా బరువు. గట్టి అట్ట చేతికి బరువుగా తగులుతుంది, "డబ్బాతో కలిపి తూస్తున్నారా" అని ఒకరిద్దరు అడిగారు. మిఠాయిని డబ్బా బరువు తీసేసి తూయాలన్నది తూనికల చట్టం నియమం. ఈ కొట్టు మొదటి నుంచీ అలాగే తూస్తోంది. కాటా అంకెలు మాత్రం కౌంటర్‌వాళ్ల వైపే ఉండేవి. కస్టమర్ వైపు కూడా అంకెలు కనిపించే కాటా తెచ్చి, ఖాళీ డబ్బా పెట్టి సున్నా చేశాకే లడ్లు వేయమన్నాం. ప్రకటనలో మాట కలపలేదు. కంటికి కనిపించేదాన్ని మళ్లీ రాయక్కర్లేదు.

ట్రేల మీద చీటీలు కూడా అప్పుడే కొత్తవి చేయించారు. విడిగా అమ్మే మిఠాయి ట్రే మీద ఏ తేదీలోపు తినాలో రాయడం 2020 అక్టోబర్ 1 నుంచి తప్పనిసరి. వీళ్లు సుద్దతో రాసేవాళ్లు, మధ్యాహ్నానికి చెరిగిపోయేది. కొత్త చీటీల మీద తేదీతో పాటు నేతిదో, నూనెదో కూడా ఉంది.

ధర సంగతి మొదటి నుంచీ ఉంది. కొత్త డబ్బా పాతదానికన్నా ఖరీదైనది, అది లడ్డు ధరలో కలిపేద్దామని మనవడి లెక్క. లెక్కగా చూస్తే అది సరైనదే. కానీ డబ్బా, ధర ఒకే నెలలో మారితే డబ్బాకి డబ్బులు కట్టించుకుంటున్నారనే అంటారు, అప్పుడు నెయ్యి ధర పెరిగినా ఎవరూ వినరు. అందుకే గట్టి డబ్బా పార్సెళ్లకీ, అడిగినవాళ్లకీ మాత్రమే ఇచ్చి, ఇంటికి పావుకిలో తీసుకెళ్లేవాళ్లకి అదే ఎరుపు, అదే అక్షరాలతో పల్చటి అట్ట డబ్బా చేయించారు. రోజువారీ కౌంటర్ అమ్మకంలో ఎక్కువ భాగం ఇప్పుడు దాన్లోనే వెళ్తోంది. ఖర్చు మనవడు భయపడినంత కాలేదు.

దీపావళి దాటాక ధర పెంచక తప్పలేదు. అప్పుడు పోస్టర్ వేయలేదు. గల్లా పక్కన తెల్లకాగితం మీద తాతగారి చేతిరాతతో, నెయ్యి కిలో ముందు ఎంత ఉండేదో, ఇప్పుడు ఎంతో, లడ్డు కిలోకి ఎంత పెంచుతున్నారో మూడు వరసల్లో రాసి అంటించారు. ఆ కాగితానికి లోగో పెడదామని మనవడు అనలేదు.